ట్రెజరీ బిల్లు డిస్కౌంట్ రేటు నుంచి మీ అసలు రాబడిని లెక్కగట్టడం ఎలా?

అమెరికా ట్రెజరీ బిల్లుకు విడిగా వడ్డీ చెల్లించరు. ముఖ విలువ కంటే తక్కువ ధరకు కొంటారు, గడువు తీరిన రోజున ముఖ విలువ మొత్తం చేతికి వస్తుంది, ఆ రెండింటి మధ్య తేడాయే మీ సంపాదన. ఇంత సాదా సరుకు విషయంలో కూడా కొత్తవారు తడబడటానికి కారణం ఒక్కటే. వేలం ఫలితాల్లోనూ డీలర్ల తెర మీదా ముందుగా కనిపించే శాతం డిస్కౌంట్ రేటు. అది మీరు పెట్టిన డబ్బు మీద వచ్చే రాబడి కాదు.

ఈ వ్యాసంలో 91 రోజుల బిల్లునొకదాన్ని తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. ముఖ విలువ 10,000 డాలర్లు, డిస్కౌంట్ రేటు 5.00 శాతం, ఇవి లెక్క కోసం ఎంచుకున్న అంకెలు. దీన్ని గడువు వరకు ఉంచుకుంటే బాండ్లతో పోల్చదగిన వార్షిక రాబడి, అంటే బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్, ఎంత అవుతుందో ముందు చూద్దాం. ఆ తరువాత అదే బిల్లును 30 రోజులకే అమ్మేస్తే చేతికి వచ్చే హోల్డింగ్ పీరియడ్ రిటర్న్, అంటే బిల్లు మీ దగ్గర ఉన్న కాలానికి వచ్చిన రాబడి, ఎంతో తేలుద్దాం.

మొదట రోజులు లెక్కపెట్టండి

రోజుల లెక్క మీరు ఆర్డరు పెట్టిన తేదీ నుంచి కాదు, డబ్బు చెల్లించి బిల్లు మీ ఖాతాకు వచ్చే సెటిల్మెంట్ తేదీ నుంచి మొదలవుతుంది. ఆ తేదీ నుంచి గడువు తేదీకి క్యాలెండరులో నిజంగా ఎన్ని రోజులు ఉన్నాయో అన్నీ లెక్కించాలి. మొదటి తేదీని కలిపితే చివరి తేదీని వదిలేయాలి, రెండింటినీ కలపకూడదు. 13 వారాల బిల్లు మామూలుగా గురువారం జారీ అయి గురువారమే గడువు తీరుతుంది కాబట్టి వేలంలో కొన్నవారికి 91 రోజులు సరిగ్గా వస్తాయి. తరువాత మార్కెట్లో కొనేవారికి సాధారణంగా మరుసటి పనిదినాన సెటిల్మెంట్ జరుగుతుంది. అంటే శుక్రవారం కొన్నవారి రోజులు సోమవారం నుంచి మొదలవుతాయి. శుక్రవారం నుంచే లెక్కపెడితే మూడు రోజులు ఎక్కువ పడి, ధర తప్పుతుంది. నేను మొదట్లో వేసిన లెక్కల్లో ధర బ్రోకరు చీటీతో కలవనప్పుడల్లా తప్పు దాదాపు ఎప్పుడూ ఇక్కడే దొరికేది.

శాతాన్ని పక్కనపెట్టి ధరకు రండి

డిస్కౌంట్ రేటు నుంచి బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్‌కు ఒకే అడుగులో తీసుకెళ్లే సూత్రం ఉంది. అయినా మధ్యలో ధర దగ్గర ఆగమని నా సలహా, ఎందుకంటే మీ జేబులోంచి పోయేది ధర, మిగతా శాతాలన్నీ దాని నుంచి పుట్టేవే.

```
P = F × (1 − d × t / 360)
```

ఇక్కడ F ముఖ విలువ, d డిస్కౌంట్ రేటు, t గడువుకు మిగిలిన రోజులు. మన బిల్లుకు 0.05ను 91తో హెచ్చించి 360తో భాగిస్తే 0.01263889 వస్తుంది. అంటే ముఖ విలువలో 126.39 డాలర్లు తగ్గింపు, చెల్లించే ధర 9,873.61 డాలర్లు. ట్రెజరీ శాఖ ధరను ప్రతి 100 డాలర్ల ముఖ విలువకు ఆరు దశాంశ స్థానాలతో ప్రకటిస్తుంది. మన బిల్లుకు అది 98.736111. లెక్క మధ్యలో దీన్ని 98.74 అని కుదించకండి. తగ్గింపు మొత్తమే చిన్నది కాబట్టి ధరలో కుదించిన చిన్న ముక్క కూడా రాబడి శాతంలో పెద్దగా కనబడుతుంది.

ఈ సూత్రాన్ని ఒకసారి నిదానంగా చూస్తే డిస్కౌంట్ రేటు ఎందుకు తక్కువ చెబుతుందో తెలిసిపోతుంది. అది 126.39 డాలర్ల లాభాన్ని 10,000తో పోలుస్తోంది, మీరు పెట్టింది మాత్రం 9,873.61. పైగా ఏడాదికి 360 రోజులే అనుకుంటోంది, మీ డబ్బు మాత్రం 365 రోజులూ పనిచేస్తుంది. ఈ రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి, ఒకదాని తప్పును మరొకటి సరిచేయదు. అందుకే రేటు సున్నా కంటే పైన ఉన్నంతకాలం బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్ డిస్కౌంట్ రేటు కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మీ లెక్కలో తక్కువ వచ్చిందంటే ఎక్కడో భాగించాల్సిన చోట హెచ్చించారన్నమాట.

ధర నుంచి బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్

ఇప్పుడు ఆ రెండు లోపాలనూ సరిదిద్దాలి. లాభాన్ని ధరతో భాగించి, దాన్ని 365 రోజుల ఏడాదికి పెంచాలి.

```
BEY = (F − P) / P × 365 / t
```

126.3889ని 9,873.6111తో భాగిస్తే 0.0128007, అంటే 91 రోజులకు 1.280 శాతం. గడువు దాకా ఉంచుకున్నవారికి ఇదే హోల్డింగ్ పీరియడ్ రిటర్న్. దీన్ని పక్కన రాసి పెట్టుకోండి. దీన్ని 365తో హెచ్చించి 91తో భాగిస్తే 5.134 శాతం వస్తుంది. ఒకే అడుగులో సరిచూసుకోవాలంటే ఈ సూత్రం వాడవచ్చు:

```
BEY = 365 × d / (360 − d × t)
```

18.25ను 355.45తో భాగిస్తే మళ్లీ 5.134 శాతమే వస్తుంది. వేలం ఫలితాల్లో ఇన్వెస్ట్‌మెంట్ రేటు అనే పేరుతో ఇదే అంకె మూడు దశాంశ స్థానాలతో ఉంటుంది కాబట్టి, కొత్తగా లెక్క నేర్చుకునేవారు ఏదైనా వేలం ఫలితం తీసుకుని అందులోని డిస్కౌంట్ రేటు నుంచి మొదలుపెట్టి ఆ అంకెను చేరుకోగలుగుతున్నారో లేదో పరీక్షించుకోవచ్చు.

5.00కూ 5.134కూ మధ్య ఉన్న తేడా ఎటు నుంచి ఎంత వచ్చిందో విడదీసి చూడండి. 5.00ను 365తో హెచ్చించి 360తో భాగిస్తే 5.069 వస్తుంది, ఇది క్యాలెండరు వాటా. దాన్ని మళ్లీ 0.987361తో భాగిస్తే 5.134, ఇది ధర వాటా. మన బిల్లులో రెండు వాటాలూ దాదాపు సమానం. రేటు మారితే మాత్రం ఈ పొత్తు నిలవదు. క్యాలెండరు వాటా రేటుకు అనుపాతంలోనే పెరుగుతుంది, ధర వాటా అంతకంటే వేగంగా పెరుగుతుంది. అదే 91 రోజులకు డిస్కౌంట్ రేటు 1 శాతమైతే బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్ 1.016 శాతం, అంటే తేడా పట్టించుకోనక్కర్లేనంత. అదే 15 శాతమైతే 15.808 శాతం. కనుక డిస్కౌంట్ రేటుకు ఇంత కలుపుకుంటే సరిపోతుందని ఒక స్థిరమైన అంకెను గుర్తుపెట్టుకోవడం ప్రమాదకరం.

ఏడాది పొడవు విషయంలో ట్రెజరీ శాఖ నియమం ఒకటి ఉంది. జారీ తేదీ తరువాతి ఏడాది కాలంలో ఫిబ్రవరి 29 వస్తే 365కు బదులు 366 వాడతారు. గమనించండి, ఆ రోజు బిల్లు గడువు లోపలే రావాలన్న నిబంధన లేదు, జారీ నుంచి ఏడాదిలోపు వస్తే చాలు. మన బిల్లుకు అలా జరిగితే రాబడి 5.148 శాతంగా కనిపిస్తుంది. ధర మాత్రం సెంటు కూడా మారదు, ఎందుకంటే ధర సూత్రంలో ఉన్నది ఎప్పుడూ 360యే. మీ లెక్కకూ ప్రకటించిన అంకెకూ మధ్య సరిగ్గా 1.4 బేసిస్ పాయింట్ల లాంటి చిన్న తేడా మిగిలితే ముందు ఈ లీపు రోజును అనుమానించండి. ఒక బేసిస్ పాయింట్ అంటే ఒక శాతంలో నూరో వంతు.

మరో వల స్ప్రెడ్‌షీటులో ఉంది. `TBILLYIELD` అన్న ఎక్సెల్ ఫంక్షన్ పేరు చూసి అదే బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్ అనుకునేవారు చాలామంది. అది లాభాన్ని ధరతోనే భాగిస్తుంది కానీ ఏడాదిని 360 రోజులుగానే ఉంచుతుంది, కాబట్టి మన బిల్లుకు 5.064 శాతం చూపిస్తుంది. అది తప్పు అంకె కాదు, 360 రోజుల లెక్కలో వడ్డీ చెప్పే ఇతర స్వల్పకాలిక సాధనాలతో పోల్చడానికి పనికొస్తుంది. బాండుతో పోల్చడానికి మాత్రం `TBILLEQ` వాడాలి.

గడువు ఆరు నెలలు దాటితే

పైన చెప్పిన సాదా సూత్రం గడువు అర్ధ సంవత్సరం మించని బిల్లులకే చెల్లుతుంది. 182 రోజుల 26 వారాల బిల్లు ఇందులోకే వస్తుంది. 52 వారాల బిల్లు దగ్గర లెక్క మారుతుంది. బాండు ఆరు నెలలకోసారి వడ్డీ చెల్లిస్తుంది, ఆ వడ్డీ మిగతా ఆరు నెలలు మళ్లీ సంపాదిస్తుంది. బిల్లు మధ్యలో ఏమీ ఇవ్వదు. ఈ తేడాను పట్టించుకోకుండా పోల్చితే బిల్లు రాబడి ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. అందువల్ల బిల్లు కూడా ఆరో నెలలో వడ్డీ ఇచ్చినట్టే ఊహించుకుని, ఏ వార్షిక రేటు వేస్తే ఈ ధర 100కు చేరుతుందో వెదకాలి:

```
P × (1 + i/2) × (1 + (t/365 − 1/2) × i) = 100
```

ఇది i కోసం వర్గ సమీకరణం. 364 రోజుల బిల్లు, డిస్కౌంట్ రేటు అదే 5.00 శాతం అనుకుంటే ధర 94.944444, 364 రోజుల రాబడి 5.325 శాతం. సాదా సూత్రం ప్రకారం 5.339 శాతం వస్తుంది, వర్గ సమీకరణం సాధిస్తే 5.270 శాతం వస్తుంది. ఏడు బేసిస్ పాయింట్ల ఈ తేడా ఏడాది బాండు మెరుగా, బిల్లు మెరుగా అన్న తీర్పునే తారుమారు చేయగలదు. సమీకరణం సాధించే ఓపిక లేకపోతే స్ప్రెడ్‌షీటులో i విలువను కొద్దికొద్దిగా మారుస్తూ ఎడమవైపు 100 వచ్చేదాకా చూస్తే సరిపోతుంది.

గడువుకు ముందే అమ్మితే: హోల్డింగ్ పీరియడ్ రిటర్న్

ఇప్పుడు మన 91 రోజుల బిల్లు దగ్గరికి తిరిగి వద్దాం. 9,873.61 డాలర్లకు కొన్న బిల్లును 30 రోజుల తరువాత అమ్మాలనుకున్నారు. అప్పటికి గడువుకు మిగిలినవి 61 రోజులు. అమ్మే రోజున మార్కెట్లో ఆ బిల్లు డిస్కౌంట్ రేటు ఎంతో చూసి, అదే ధర సూత్రంలో ఇప్పుడు 91కి బదులు 61 పెట్టాలి. కొన్ననాటి రేటుకు గానీ కొన్ననాటి బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్‌కు గానీ ఈ లెక్కలో చోటు లేదు. కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే కావాలి.

```
HPR = (P1 − P0) / P0
```

అమ్మే రోజున డిస్కౌంట్ రేటు 4.80 శాతానికి తగ్గిందనుకోండి. 0.048ను 61తో హెచ్చించి 360తో భాగిస్తే 0.00813333, కాబట్టి అమ్మకం ధర 9,918.67 డాలర్లు. లాభం 45.06 డాలర్లు, 30 రోజుల రాబడి 0.4563 శాతం. దీన్ని 365తో హెచ్చించి 30తో భాగించి వార్షికంగా చెబితే 5.552 శాతం. రేటు తగ్గడం మీకు కలిసివచ్చింది, గడువు దాకా ఉంచుకుని ఉంటే దక్కేది 5.134 శాతమే.

అదే రేటు 5.40 శాతానికి పెరిగి ఉంటే అమ్మకం ధర 9,908.50, లాభం 34.89 డాలర్లు, 30 రోజుల రాబడి 0.3534 శాతం, వార్షికంగా 4.299 శాతం. రేటు పెరిగినా నష్టం రాలేదు చూడండి. 30 రోజులు గడిచినందుకు ధర దానంతట అదే పైకి జరిగింది, రేటు పెరుగుదల అందులో కొంత మింగేసింది, అంతే. మొత్తం మింగేయాలంటే అమ్మే రోజున రేటు ఎంతుండాలో కనుక్కోవడం తేలిక: 5ను 91తో హెచ్చించి 61తో భాగించండి, 7.459 శాతం వస్తుంది. అంతకుమించి పెరిగితేనే పెట్టిన సొమ్ము తరుగుతుంది. ముందే అమ్మాల్సి వస్తుందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఈ ఒక్క అంకెను కొనేముందే వేసి చూసుకోవడం నాకు అలవాటు.

ఇక రేటు ఏమీ మారకుండా 5.00 శాతం దగ్గరే ఉంటే? ఈ సందర్భం పైకి చప్పగా కనిపిస్తుంది గానీ లెక్క మర్మం ఇందులోనే ఉంది. అమ్మకం ధర 9,915.28, లాభం 41.67, రాబడి 0.4220 శాతం, వార్షికంగా 5.134 శాతం. అంటే కొన్ననాటి బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్ అచ్చంగా అలాగే వచ్చింది. ఇది యాదృచ్ఛికం కాదు. డిస్కౌంట్ రేటు కదలనంతకాలం బిల్లు ధర రోజుకు ఒకే మొత్తం చొప్పున, మన బిల్లుకైతే రోజుకు 1.39 డాలర్ల చొప్పున, సరళరేఖలా పెరుగుతుంది. కాబట్టి ఏ రోజు అమ్మినా మీ వార్షిక రాబడి ఒకటే. అయితే అదే రోజు మీ దగ్గర ఆ బిల్లు కొన్నవారికి 61 రోజులకు దక్కే బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్ 5.113 శాతం మాత్రమే. వారు ఎక్కువ ధర పెట్టి అదే 1.39 డాలర్ల దినసరి పెరుగుదలను కొంటున్నారు కదా. తెర మీద 5.00 అలాగే నిలిచి ఉన్నా దాని వెనుక ఉన్న రాబడి కొద్దిగా తగ్గిందన్నమాట. వేర్వేరు గడువుల బిల్లుల డిస్కౌంట్ రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అమ్మేటప్పుడు కోత

పై లెక్కల్లో కొనుగోలుకూ అమ్మకానికీ ఒకే రేటు ఉన్నట్టు అనుకున్నాం. నిజానికి డీలరు మీకు అమ్మే రేటు, మీ దగ్గర కొనే రేటు వేరు. ధర, డిస్కౌంట్ రేటు ఎదురుబొదురుగా కదులుతాయి కాబట్టి డీలరు మీ దగ్గర తక్కువ ధరకు కొనడమంటే ఎక్కువ డిస్కౌంట్ రేటుకు కొనడం. తెర మీద రెండు రేట్లు ఉంటే మీరు కొనేటప్పుడు చిన్నది, అమ్మేటప్పుడు పెద్దది తీసుకోవాలి. షేర్ల ధరలకు అలవాటుపడ్డవారు దీన్ని తిరగేసి వాడి, లేని లాభాన్ని చూస్తుంటారు.

ఈ రెండింటి మధ్య 2 బేసిస్ పాయింట్ల తేడా ఉందనుకోండి. 61 రోజులు మిగిలి ఉండగా అమ్మితే అది 34 సెంట్ల కోత, వార్షిక రాబడిలో సుమారు 4 బేసిస్ పాయింట్లు. అదే కొన్న 7 రోజులకే, 84 రోజులు మిగిలి ఉండగా అమ్మితే కోత 47 సెంట్లు, వార్షిక లెక్కలో దాదాపు 25 బేసిస్ పాయింట్లు. సొమ్ములో తేడా పదమూడు సెంట్లే, శాతంలో మాత్రం ఆరింతలు. ఉంచుకున్న రోజులు తగ్గేకొద్దీ వార్షికంగా మార్చే గుణకం ఎంత పెద్దదవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే కొద్ది రోజుల హోల్డింగ్ పీరియడ్ రిటర్న్‌ను వార్షిక శాతంగా చెప్పేటప్పుడు పక్కనే రోజుల సంఖ్యనూ, వార్షికంగా మార్చని అసలు శాతాన్నీ రాయడం మంచిది.

వార్షికంగా మార్చడంలో ఇంకొక పొరపాటు కూడా జరుగుతుంది. మన 91 రోజుల 1.280 శాతాన్ని ఏడాది పొడవునా అదే రేటుకు తిరిగి పెట్టుబడి పెట్టినట్టు చక్రవడ్డీతో లెక్కగడితే 5.234 శాతం వస్తుంది. బాండ్ ఈక్వివలెంట్ ఈల్డ్ మాత్రం బారువడ్డీ పద్ధతిలో తేలిన 5.134 శాతం. రెండూ సరైనవే, కానీ ఒక బిల్లుకు ఒకటి, మరో బిల్లుకు ఇంకొకటి వాడి పోల్చితే పది బేసిస్ పాయింట్ల మాయ లాభం పుట్టుకొస్తుంది. పట్టికలో ప్రతి నిలువు వరుస మీద ఏడాదికి 360 రోజులా 365 రోజులా, భాగించింది ముఖ విలువతోనా ధరతోనా, వేసింది బారువడ్డీయా చక్రవడ్డీయా అని రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తరువాత ఆ పట్టికను తెరిచినప్పుడు 5.00, 5.064, 5.134, 5.234 అన్నవి నాలుగు వేర్వేరు బిల్లులు కావని, ఒకే బిల్లు అని మీకే తెలుస్తుంది.